ప్యాకేజీ 90 వేలు, బిల్లు లక్షా 18 వేలు

పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకున్నాక ఇంట్లో అందరికీ గుర్తుండిపోయేది ఒకే ఒక్క అంకె. "90 వేలకు కుదిరింది, 30 వేలు అడ్వాన్స్ ఇచ్చాం, ఇంకో 60 ఇవ్వాలి" అని పెళ్లికూతురి తండ్రి డైరీలో రాసుకుంటాడు. రెండు నెలల తర్వాత ఆల్బమ్ తెచ్చుకోవడానికి వెళితే బిల్లు వేరేగా ఉంటుంది. చాలాసార్లు ఇందులో మోసమేమీ ఉండదు. 90 వేలకు ఇన్ని గంటలు, ఇన్ని షీట్లు, ఇన్ని ఫొటోల ఎడిటింగ్ అని హద్దులు ముందే ఉంటాయి. హద్దు దాటినచోటల్లా విడి రేటు పడుతుంది. ఆ రేట్లు చెప్పిన రోజున ఎవరూ పెద్దగా వినరు, అంతే.

ఒక పెళ్లి తీసుకుని లెక్క వేద్దాం. రేట్లు ఊరిని బట్టి, ఫొటోగ్రాఫర్ పేరును బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకు పెట్టిన అంకెలు. ప్యాకేజీ 90 వేలు. అందులో ఫొటోలకొకరు, వీడియోకొకరు, 12 గంటలు. 30 షీట్ల ఆల్బమ్ ఒకటి, 150 ఫొటోల ఎడిటింగ్. గంట దాటితే 2,500, షీటు పెరిగితే 700, ఫొటో పెరిగితే 80. ముహూర్తం రాత్రి 2 గంటల 10 నిమిషాలకు.

"అబ్బాయ్, నాలుగింటికల్లా వచ్చెయ్యండి, ఆలస్యం వద్దు" అంటాడు పెద్దాయన. "అలాగేనండీ, మేం వచ్చిన దగ్గర్నుంచే టైమ్ లెక్క" అంటాడు ఫొటోగ్రాఫర్. ఆ రెండో మాటను పెద్దాయన పట్టించుకోడు. టీమ్ సాయంత్రం 4కి దిగుతుంది. అప్పటికి మండపంలో పూలదండలు కడుతూ ఉంటారు, పెళ్లికూతురు బ్యూటీషియన్ ముందు ఉంటుంది, మగపెళ్లివారి బస్సు ఇంకా దారిలో ఉంటుంది. ఎదుర్కోలు మొదలయ్యేసరికి ఆరున్నర. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అక్షింతలు వేసేవాళ్ల వరస అన్నీ అయ్యి అప్పగింతలు ముగిసేటప్పటికి ఉదయం 6 గంటల 20 నిమిషాలు. 12 గంటల గడువు తెల్లవారుజామున 4కే తీరిపోయింది. అప్పగింతల దగ్గర కెమెరా ఆపమని ఎవరంటారు?

అదనంగా పట్టింది 2 గంటల 20 నిమిషాలు. గంటలోపు మిగిలినదాన్ని పూర్తి గంటగా కట్టే అలవాటుంటే అది 3 గంటలవుతుంది. ఇక 2,500 అన్నది టీమ్ మొత్తానికా, మనిషికా? టీమ్‌కైతే 7,500. మనిషికైతే ఇద్దరికీ కలిపి 15,000. "గంటకు 2,500" అన్న ఒకే మాటకు రెండు బిల్లులు వస్తాయి. మనవాళ్ల పెళ్లిలో అది మనిషి లెక్కే అయింది. అదే టీమ్‌ని 6కి రమ్మని ఉంటే గడువు ఉదయం 6 దాకా వచ్చేది, మిగిలేది ఇరవై నిమిషాలు. దానికి చాలామంది డబ్బు అడగరు. పెళ్లికూతురి ముస్తాబు ఫొటోలు కావాలనుకుంటే ముందు పిలవడంలో తప్పులేదు, అప్పుడు గంటలే ఎక్కువ బుక్ చేసుకోవాలి. ప్యాకేజీలో కలిపి మాట్లాడుకున్న గంటకు బేరం ఉంటుంది. తెల్లవారుజామున పెరిగిన గంటకు ఉండదు.

గంటల ఖర్చు ఆ రాత్రితో తేలిపోతుంది. నిదానంగా పెరిగేది ఆల్బమ్. ఇక్కడ షీటు వేరు, పేజీ వేరు. మనవైపు ఎక్కువగా చేసే 12×36 ఆల్బమ్‌లో 36 అంగుళాల వెడల్పు షీటు మధ్యకు మడతపడుతుంది. పుస్తకం తెరిస్తే ఎదురుగా కనిపించే రెండు పేజీలూ కలిపి ఒక షీటు. అంటే 30 షీట్లంటే 60 పేజీలు. ఒకరు "40 షీట్లు", ఇంకొకరు "40 పేజీలు" అని అదే ధర చెబితే రెండోవారి ఆల్బమ్ సరిగ్గా సగం. ఇద్దరు ముగ్గురిని కనుక్కుని ధరలు పోల్చేటప్పుడు ముందు అన్నిటినీ షీట్లలోకి మార్చుకోవాలి.

పెళ్లయిన కొన్ని రోజులకు ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లో ఇచ్చి, ఆల్బమ్‌కు కావలసినవి ఎంచమంటారు. వేలల్లో ఉన్న వాటిలోంచి ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరితే, మేనత్త గారిది వదిలితే మాట వస్తుంది, పెదనాన్న గారిది రెండైనా ఉండాలి. అలా 210 తేలాయి. షీటుకు సగటున 5 ఫొటోల చొప్పున డిజైనర్ అమరిస్తే 42 షీట్లు. పెరిగిన 12 షీట్లకు 8,400. పెరిగిన 60 ఫొటోల ఎడిటింగ్‌కు 4,800.

దీన్ని తగ్గించే దారి ఫొటోలు తీసేయడం ఒక్కటే కాదు. ఆ 210లో 90 దాకా స్టేజి మీద వరసగా నిలబడి దిగినవే. అవి చిన్నవిగా ఉన్నా ముఖాలు తెలుస్తాయి కనుక షీటుకు 9 చొప్పున 10 షీట్లలో సర్దుకుంటాయి. మిగిలిన 120కి 5 చొప్పున 24 షీట్లు. మొత్తం 34. ఇలాగైతే పెరిగింది నాలుగే షీట్లు, 2,800తో పోతుంది. ప్రింటుకు పంపేముందు డిజైన్ చూపించమని అడిగి అప్పుడే ఈ మాట చెప్పాలి. షీటు అచ్చయ్యాక చేసేదేమీ లేదు. ఇంతమాత్రం ఓపిక ఉన్నవాళ్లు తక్కువే, మనవాళ్లకూ లేకపోయింది.

ఎడిటింగ్ అన్న మాట కింద రెండు పనులు ఉంటాయి. వెలుతురు, రంగులు సరిచేయడం ఒకటి. దాన్ని ఒకేసారి వందల ఫొటోలకు చేయవచ్చు. ముఖం మీద మచ్చలు తీయడం, వెనక ప్లాస్టిక్ కుర్చీలు మాయం చేయడం రెండోది. ఇది ఒక్కో ఫొటో దగ్గర కూర్చుని చేయాలి, రేటు దీనికే. షీటు ధరలో అందులోని ఫొటోల ఎడిటింగ్ కలిసే ఉంటుందా అని అడగండి. కొందరు కలిపే తీసుకుంటారు. కలిపి ఉండీ మళ్లీ ఫొటోకు 80 వేస్తే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు.

ఇప్పుడు కూడదాం. ప్యాకేజీ 90,000, గంటలు 15,000, షీట్లు 8,400, ఎడిటింగ్ 4,800. మొత్తం 1,18,200. అందులోంచి అడ్వాన్స్ 30,000 పోతే ఇవ్వాల్సింది 88,200. డైరీలో రాసుకున్న 60 వేలు ఎందుకు తప్పిందంటే, అడ్వాన్స్‌ను ప్యాకేజీలోంచి తీసేశారు. తీయాల్సింది చివరి మొత్తంలోంచి. ఫొటోగ్రాఫర్ జీఎస్టీ బిల్లు ఇస్తే దానిమీద 18 శాతం, 21 వేలకు పైనే. చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో మొదటి రోజే అడగాలి.

అడ్వాన్స్ విషయంలో ఫొటోగ్రాఫర్ వైపు న్యాయం కూడా ఉంది. ఆషాఢంలో ఖాళీగా కూర్చున్నవాడికి మాఘమాసంలో ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు వస్తాయి. మన దగ్గర అడ్వాన్స్ పుచ్చుకున్నాడంటే మిగతా రెండూ వదులుకున్నాడు. అందుకే పెళ్లి ఆగిపోతే వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకోడు. ఇంట్లో మైల వచ్చి ముహూర్తం మారితే మాత్రం అదే డబ్బు కొత్త తేదీకి జమ చేసేవాళ్లున్నారు. ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి, నోటిమాటగా వదలకూడదు.

మగపెళ్లివారికీ ఒక ఆల్బమ్ ఇవ్వాలనుకుంటే మొదటిదాంతోపాటే చెప్పడం మేలు. డిజైన్, ఎడిటింగ్ అప్పటికే అయిపోయి ఉంటాయి కాబట్టి రెండో కాపీకి ప్రింటు, బైండింగ్, పెట్టె ధర మాత్రమే అడగవచ్చు. ఏడాది తర్వాత వెళ్తే ఆ ఫైళ్లు ఉంటాయన్న నమ్మకం లేదు, డిజైన్ మళ్లీ మొదటికి వస్తుంది.