రెండు సరైన లెక్కలు, ఒక తప్పు మొత్తం

భార్యాభర్తలకు ఒకే బ్యాంకులో చెరో ఖాతా, ఒక్కో దానిలో 5,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒక ఖాతా మైనస్‌లోకి వెళ్లినా ఫర్వాలేదు, రెండూ కలిపి మాత్రం సున్నా కంటే తగ్గకూడదన్నది బ్యాంకు నియమం. ఇద్దరూ ఒకే సమయంలో తమ తమ ఖాతాల నుంచి 8,000 తీయబోయారు. ప్రోగ్రాం ఆయన కోసం రెండు నిల్వలూ చదివింది: మొత్తం 10,000, తీస్తే ఇంకా 2,000 ఉంటుంది, సరే. ఆమె కోసమూ అదే లెక్క వేసి సరేనంది. చివరికి రెండు ఖాతాల్లోనూ మైనస్ 3,000 మిగిలింది.

దీన్నే రైట్ స్క్యూ అంటారు. 1995లో హాల్ బెరెన్సన్, జిమ్ గ్రే తదితరులు రాసిన పరిశోధన పత్రం దీన్ని వివరించింది. కారణం స్నాప్‌షాట్ ఐసొలేషన్ పనిచేసే తీరులోనే ఉంది. ఈ పద్ధతిలో ప్రతి లావాదేవీ తాను మొదలైన క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో దాన్నే చూస్తుంది. చదివేవాళ్లు రాసేవాళ్లను ఆపరు కాబట్టి పని వేగంగా సాగుతుంది. ఇద్దరూ ఒకే వరుసను మారిస్తే రెండోవారిని ఆపేస్తుంది. ఇక్కడేమో ఆయన రాసింది ఒక వరుస, ఆమె రాసింది మరొకటి. ఇద్దరూ చదివినవి మాత్రం రెండు వరుసలూ.

దీనికి విరుగుడు చదివినవాటిని కూడా గుర్తుపెట్టుకోవడమే. ఆమె మార్చిన నిల్వను ఆయన పాత విలువతోనే చదివాడంటే, వరుసక్రమంలో ఆయన ముందు, ఆమె తర్వాత అన్నమాట. ఆ లెక్కన ఆయన నుంచి ఆమెకు ఒక బాణం గీయవచ్చు. ఆమె కూడా ఆయన నిల్వను పాత విలువతోనే చదివింది కాబట్టి మరో బాణం వెనక్కి వస్తుంది. ఎవరు ముందో తేలదు. ఇలాంటి బాణం ఒకటి లోపలికి వచ్చి, మరొకటి బయటికి పోయే లావాదేవీ ఉంటేనే ఈ ప్రమాదం వస్తుందని అలన్ ఫెకెటే బృందం 2005లో నిరూపించింది. దాని మీదే 2008లో మైకేల్ కేహిల్, ఉవే రోమ్, ఫెకెటే సీరియలైజబుల్ స్నాప్‌షాట్ ఐసొలేషన్‌ను రూపొందించారు. 2011లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.1 దాన్ని అందుకుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు వాడే గుర్తు పేరు `SIReadLock`. పేరులో లాక్ ఉన్నా అది ఎవరినీ ఆపదు, చదివినట్టు నమోదు చేస్తుందంతే. లావాదేవీ ముగిశాక కూడా, దానితోపాటు నడిచినవి పూర్తయ్యేదాకా ఉంటుంది. మన ఉదాహరణలో ఆయన పని ముందు ఖరారైతే, ఆమెది ఈ సందేశంతో రద్దవుతుంది:

```
ERROR: could not serialize access due to
read/write dependencies among transactions
```

దీని కోడ్ `40001`. అది కనిపిస్తే నిల్వలు చదవడం దగ్గర్నుంచి లావాదేవీ మొత్తం మళ్లీ నడపాలి. ఈసారి మొత్తం 2,000 అని తెలుస్తుంది, 8,000 ఇవ్వదు.

చక్రం పూర్తయిందో లేదో ఈ పద్ధతి పూర్తిగా వెతకదు, ప్రమాదకరమైన బాణాల జంట కనిపిస్తే చాలు. అందుకే నిర్దోషి లావాదేవీలు కూడా అప్పుడప్పుడు రద్దవుతాయి. ఇండెక్స్ లేక పట్టిక మొత్తం చదివితే గుర్తు పట్టిక మొత్తానికీ పడి, ఇవి మరీ పెరుగుతాయి. ఇంకో సంగతి: రెండు లావాదేవీలూ `SERIALIZABLE`లో ఉండాలి. ఒకటి `REPEATABLE READ`లో నడిస్తే దాని చదువులు నమోదు కావు, పాత తప్పు తిరిగి రావచ్చు.