ఇబ్బంది చట్టానిదా, సర్కారుదా?

గోవాలో ఒక గని యజమాని 10 లక్షలు పెట్టి యంత్రం కొన్నాడనుకుందాం. పోర్చుగీసు వాళ్ల హయాంలో పన్ను లెక్కల్లో దానికి 4 లక్షల తరుగుదల ఇచ్చారు. 1963 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మన ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. మరి యంత్రం విలువ ఎంతని రాసుకోవాలి? కొన్న ధరలోంచి భారత ఆదాయపు పన్ను చట్టాల కింద ఇచ్చిన తరుగుదల మాత్రమే తీసేయాలని చట్టంలో ఉంది. అంటే పూర్తిగా 10 లక్షలే. దాని మీద మళ్లీ తరుగుదల వస్తుంది, ఆ మేరకు పన్ను తగ్గుతుంది.

కేంద్రం 1970లో ఒక ఉత్తర్వు తెచ్చింది. పాత పన్ను చట్టాల కింద ఇచ్చిన తరుగుదలను కూడా తీసేయాలంది. అప్పుడు యంత్రం విలువ 6 లక్షలే. ఈ మార్పు పార్లమెంటు చేసింది కాదు. చట్టాన్ని గోవాకు వర్తింపజేసిన రెగ్యులేషన్‌లో, అమలులో ఇబ్బంది ఎదురైతే కేంద్రం ఉత్తర్వుతో తొలగించవచ్చనే క్లాజు ఉంది. ఆ క్లాజునే వాడుకున్నారు. మన చట్టాల్లో చాలావాటి చివర ఇలాంటి సెక్షన్ కనిపిస్తుంది.

మదేవ ఉపేంద్ర సినాయ్ కేసులో సుప్రీంకోర్టు ముందుగా చూసింది ఒక్కటే: అసలు ఇబ్బంది ఉందా? చట్టంలో లెక్క స్పష్టంగా ఉంది, అధికారి దాని ప్రకారం పన్ను కట్టగలడు. ఖజానాకు రాబడి తగ్గడం చట్టం అమలుకు అడ్డంకి కాదు. అందుకే ఆ ఉత్తర్వు చెల్లలేదు. అతుకుల దగ్గర గరుకుదనాన్ని నున్నగా చేయవచ్చు గానీ చట్టం స్వరూపాన్నే మార్చకూడదని కోర్టు గీత గీసింది. ఆ తీర్పు సరైనదని నా గట్టి నమ్మకం. పన్ను వేసే చట్టాన్ని ఒక ఉత్తర్వుతో తిరగరాయగలిగితే, మన ఎంపీలు సభలో చర్చించి ఓటేసి ఏం లాభం?

అంతకు ముందే, 1966లో, బోనస్ చెల్లింపు చట్టంలోని 37వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉత్తర్వు చట్టం ‘ఉద్దేశాలకు’ విరుద్ధంగా లేకపోతే చాలని, ప్రభుత్వ నిర్ణయమే తుదిదని అందులో ఉంది. ఉద్దేశం పేరు చెప్పి సెక్షన్లనే మార్చేయవచ్చన్నమాట. 1974లో కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని ఇలాంటి సెక్షన్ మాత్రం నిలబడింది. అందులో ‘నిబంధనలకు’ విరుద్ధంగా ఉండకూడదని రాశారు, తుది నిర్ణయమన్న మాట లేదు.

జీఎస్టీ చట్టం 172వ సెక్షన్‌లోనూ ‘నిబంధనలకు’ అనే ఉంది. ఆ అధికారానికి మొదట 3 ఏళ్లే గడువు పెట్టారు. దాన్ని 5 ఏళ్లు చేయడానికి 2020లో ప్రభుత్వం పార్లమెంటుకే వెళ్లాల్సి వచ్చింది.