పెళ్లిరోజు సందేశానికి ఒక్క జ్ఞాపకం చాలు

పెళ్లిరోజున భార్యకు పంపే సందేశాల్లో ఎక్కువ భాగం ఎవరు ఎవరికైనా పంపుకోగలిగేవే. "నా జీవితంలో వెలుగు నింపావు" అన్న మాట పక్కింటాయన తన భార్యకు పంపినా సరిపోతుంది. అందుకే ఇద్దరూ కలిసి గడిపిన ఒక్క సంఘటననే పట్టుకోవాలి. విశాఖపట్నంలో కాపురముంటున్న భర్త ఇలా రాశాడనుకుందాం:

"2014 అక్టోబరు 12. హుద్‌హుద్ గాలికి హాల్లో కిటికీ అద్దం పగిలింది. నేను నిలబడిపోయాను. నువ్వు పాపను వంటింట్లో కూర్చోబెట్టి, పరుపు లాక్కొచ్చి కిటికీకి అడ్డంపెట్టి, 'ఏవండీ, ఇటు పట్టుకోండి' అన్నావు. కరెంటు లేని ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో పులిహోర కలిపావు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే నీ వైపే చూస్తాను, ధైర్యం వస్తుంది."

ఇందులో పొగడ్త మాటే లేదు. ఆమె చేసిన పని, అన్న మాట ఉన్నాయి, అవే పొగడ్త. నా దృష్టిలో ప్రాణం ఆ 'ఏవండీ' దగ్గరుంది. ఆ గొంతు ఆమెకు వినిపిస్తుంది. చివరి వాక్యం ఆనాటి సంగతిని ఈనాటికి తెస్తుంది. అది లేకపోతే మిగిలేది తుపాను కబురే.

రాసేటప్పుడు సంఘటన మెల్లగా భర్త గొప్పతనం వైపు జారుతుంటుంది. 'నేను', 'నువ్వు' ఎన్నిసార్లు వచ్చాయో చూస్తే తెలిసిపోతుంది. ఆమె మరిచిపోవాలనుకునే బాధ, నలుగురిలో చెప్పుకోని విషయం అసలు ఎంచుకోకూడదు. కుటుంబ గ్రూపులో కాకుండా ఆమెకొక్కదానికే పంపడం మేలు.