లింకు ఉన్నవాళ్లకా, పేరు ఉన్నవాళ్లకా?

గుంటూరులో ఒక ఇంట్లో పన్నెండేళ్ల పాపకి ఓణీల ఫంక్షన్ అయిందనుకుందాం. ఫోటోగ్రాఫర్ నలభై నిమిషాల వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. డల్లాస్‌లో ఉన్న బాబాయి వాళ్లు, హైదరాబాద్‌లో ఉన్న మేనత్తలు చూడాలంటున్నారు. మూడు జీబీల ఫైలు వాట్సాప్‌లో వెళ్లదు. కాబట్టి యూట్యూబ్‌లో పెడదామంటారు. అప్‌లోడ్ చివరి మెట్టులో ప్రైవేట్, అన్‌లిస్టెడ్, పబ్లిక్ అని మూడు చుక్కలు కనిపిస్తాయి. చాలామంది ఇక్కడ తోచినదాన్ని నొక్కి ముందుకు వెళ్లిపోతారు.

పబ్లిక్ గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. వెతికితే దొరుకుతుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లకి యూట్యూబే చూపించవచ్చు కూడా. పెద్దమనిషైన పిల్ల వేడుకని ఊరూ పేరూ తెలియనివాళ్లు చూడాల్సిన అవసరం నాకైతే కనిపించదు. అసలు తికమక మిగతా రెంటి దగ్గరే.

అన్‌లిస్టెడ్ అంటే వీడియో వెతుకులాటలో రాదు, ఛానల్ పేజీలో కనిపించదు. లింకు ఉంటే మాత్రం ఎవరైనా చూడొచ్చు. గూగుల్ ఖాతా లేకపోయినా, లాగిన్ కాకపోయినా ఫర్వాలేదు. లింకులో పదకొండు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని ఊహించి పట్టుకోవడం అయ్యే పని కాదు. 2017లో ఈ లింకుల్ని ఊహించడం మరింత కష్టమయ్యేలా యూట్యూబ్ మార్చింది. అంతకుముందు పెట్టిన పాత అన్‌లిస్టెడ్ వీడియోల్ని, వద్దని చెప్పుకున్న ఛానళ్లవి తప్ప, 2021 జులైలో తానే ప్రైవేట్‌లోకి నెట్టింది. పాత వీడియో లింకు ఉన్నట్టుండి తెరుచుకోకుండా పోయిందంటే కారణం ఇదే కావచ్చు.

అయితే ఇంటి వీడియోల లింకుల్ని ఎవరూ ఊహించి పట్టుకోరు. అవి ఫార్వర్డుల్లో పోతాయి. మీరు కుటుంబం గ్రూపులో పెడతారు. పిన్ని ముచ్చటపడి తన అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడుతుంది. అక్కడినుంచి ఎటు వెళ్లిందో మీకు తెలియదు, ఎవరు చూశారో యూట్యూబ్ పేర్లు చెప్పదు. చెప్పేది వ్యూస్ లెక్క ఒక్కటే. ముప్పై ఇళ్లకి పంపిన వీడియోకి ఆరు వందల వ్యూస్ కనిపిస్తే లింకు గడప దాటిందని అనుమానించవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ఎవరో బంధువు ఆ వీడియోని తన ప్లేలిస్టులో దాచుకున్నాడు, ఆ ప్లేలిస్టు పబ్లిక్‌గా ఉంది. అప్పుడు అన్‌లిస్టెడ్ వీడియో కూడా బయటివాళ్ల కంటపడుతుంది.

పోనీ, లింకు బయటికి పోయిందని తెలిసింది, ఏం చేయాలి? వీడియోని ప్రైవేట్‌కి మారిస్తే ఆ క్షణం నుంచి అందరికీ తలుపు మూసుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అన్‌లిస్టెడ్ చేస్తే మాత్రం ఆ పాత లింకే మళ్లీ పనిచేస్తుంది, అపార్ట్‌మెంట్ గ్రూపులో పడి ఉన్నదానితో సహా. యూట్యూబ్‌లో ఉన్న వీడియోకి లింకు మార్చుకునే వీలు లేదు. కొత్త లింకు కావాలంటే పాతది తీసేసి, వీడియోని మళ్లీ ఎక్కించాల్సిందే. అసలు ఫైలు ఇంట్లో భద్రంగా ఉంచుకోవాలనడం ఇందుకే.

ప్రైవేట్ లెక్క వేరు. ఇక్కడ అనుమతి లింకుకి కాదు, మనిషికి. కంప్యూటర్లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, వీడియో దగ్గర విజిబిలిటీ నొక్కి, ప్రైవేట్ ఎంచుకుంటే Share privately అనే మాట వస్తుంది. అక్కడ ఎవరెవరు చూడాలో వాళ్ల ఈమెయిళ్లు ఇవ్వాలి. ఆ ఈమెయిల్‌తో ఉన్న గూగుల్ ఖాతాలోకి లాగిన్ అయినవాళ్లకే వీడియో కనిపిస్తుంది. పిన్ని లింకు ఫార్వర్డ్ చేసినా అవతలివాళ్లకి ఏమీ రాదు. ఒకరి పేరు జాబితాలోంచి తీసేస్తే మిగతావాళ్లకి ఇబ్బంది లేకుండా ఆ ఒక్కరికే ఆగిపోతుంది. కామెంట్లు ఉండవు కాబట్టి "బంగారు తల్లీ" అనే దీవెనలు మాత్రం ఫోన్లోనే అందుకోవాలి.

చిక్కంతా ఈమెయిళ్ల సేకరణలో ఉంది. అమ్మమ్మ ఫోన్లో ఉన్న ఖాతా ఎప్పుడో మనవడు తెరిచింది, ఆ అడ్రస్ ఏమిటో ఆవిడకి తెలియదు. బాబాయి ఆఫీసు మెయిల్ చెప్పాడు, ఫోన్లో యూట్యూబ్‌కి వాడుతున్నది వేరే జీమెయిల్. మేనత్త ఇంట్లో టీవీ కొడుకు ఖాతాతో నడుస్తోంది. ముగ్గురికీ తెర మీద వీడియో ప్రైవేట్ అనే సందేశమే వస్తుంది, ముగ్గురూ "లింకు పనిచేయట్లేదు" అనే అంటారు. లింకు బాగానే ఉంటుంది, ఖాతానే వేరు. యూట్యూబ్‌లో తమ బొమ్మ మీద నొక్కి, ఖాతా మార్చుకునే చోట చూస్తే ఏ ఈమెయిల్‌తో ఉన్నారో తెలుస్తుంది. జాబితాలోకి వెళ్లాల్సింది అదే.

అందుకే గుంటూరు ఇంటివాళ్లకి నేనైతే వీడియోని రెండుగా చేయమంటాను. నలభై నిమిషాలదీ, మంగళస్నానం, పసుపు రాయడం అన్నీ ఉన్నది, ప్రైవేట్‌గా పది పన్నెండు దగ్గరి ఇళ్లకి మాత్రమే. అక్షింతలు వేయడం, అందరూ కలిసి దిగిన ఫోటోలు ఉన్న మూడు నిమిషాల ముక్క అన్‌లిస్టెడ్‌గా కుటుంబం గ్రూపుకి. ఆ ముక్క రేపు ఎవరి చేతిలో పడినా సిగ్గుపడాల్సింది, భయపడాల్సింది అందులో ఉండకూడదు. స్కూలు యూనిఫారం, ఇంటి నంబరు పలక కనిపించే షాట్లు తీసేయాలి. లింకు వాట్సాప్‌లో పెట్టగానే వీడియో పేరు, బొమ్మ దానితోపాటే కనబడతాయి, ఎవరూ నొక్కకపోయినా సరే. పాప పూర్తి పేరు, ఇంటిపేరు, ఫంక్షన్ హాలు, తేదీ అన్నీ టైటిల్‌లో పెట్టకుండా "మా ఇంటి వేడుక" అంటే చాలు. పంపేముందు ఆ లింకుని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూసుకోవాలి. ప్రైవేట్ అనుకున్నది అక్కడ ఆడిందంటే అది ప్రైవేట్ కాదు.

సినిమా పాటల విషయం వేరు. వీడియోలో పాట ఉంటే ప్రైవేట్‌లో పెట్టినా యూట్యూబ్ పోల్చి చూస్తుంది. పాట హక్కుదారుడి ఇష్టాన్ని బట్టి వీడియో ఆగిపోవచ్చు కూడా. అలా జరిగితే గూగుల్ డ్రైవ్ మేలు. అక్కడా ఇవే రెండు దారులు: లింకు ఉన్న ఎవరికైనా, లేదా పేర్లు చేర్చినవాళ్లకే. చూసేవాళ్లు డౌన్‌లోడ్ చేసుకోకుండా ఆపే వీలు కూడా ఉంది. ఇంకో ఫోన్ పట్టి తెరని తీసుకునేవాణ్ణి మాత్రం ఏ సెట్టింగూ ఆపలేదు.

ఇదంతా వీడియో మీ ఖాతాలో ఉన్నప్పటి మాట. ఇప్పుడు పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ లైవ్ పెట్టించడం మామూలైంది, అది చాలాసార్లు ఫోటోగ్రాఫర్ ఛానల్లోనే నడుస్తుంది. లైవ్ అయిపోయాక రికార్డింగ్ ఆ ఛానల్లోనే మిగిలిపోతుంది. దాన్ని పబ్లిక్‌గా ఉంచాలా, తీసేయాలా అన్న మీట ఆయన చేతిలో ఉంటుంది, మీ చేతిలో కాదు. కొత్త గిరాకీ కోసం అది పబ్లిక్‌గా ఉండటమే ఆయనకి లాభం. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మాట్లాడుకోవాలి: లైవ్ అన్‌లిస్టెడ్‌గా పెట్టాలి, టైటిల్‌లో పిల్ల పేరు ఉండకూడదు, చాట్ మూసి ఉంచాలి, పది రోజుల తర్వాత ఛానల్‌లోంచి తీసేయాలి. పదకొండో రోజు మీరే ఆ లింకు నొక్కి చూడండి. ఇంకా ఆడుతుంటే, మిగతా డబ్బు ఇవ్వకముందే ఆయనకి ఫోన్ చేయండి.