హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు: జరిగింది ముందు, మన అభిప్రాయం తర్వాత

తుని నుంచి హైదరాబాద్ వెళ్లి ఓ కంపెనీలో చేరిన దళిత యువతి ఉందనుకుందాం. తోటి ఉద్యోగి ఆమెను కులం పేరు మీద చిన్నబుచ్చాడు. 'అతను కుల అహంకారి, ఎప్పుడూ వేధిస్తాడు' అని ఆమె హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెడితే, అతను కాదంటాడు. 'ఎప్పుడూ' అన్న మాట మీద విచారణ ముందుకు సాగదు.

అదే ఇలా రాస్తే? 'మంగళవారం మధ్యాహ్నం 1.20కి క్యాంటీన్‌లో ఆయన నాతో, "రిజర్వేషన్‌లో చదివినవాళ్లకు పనేం వస్తుంది" అన్నారు. పక్కనే ఉన్న ఇద్దరి పేర్లు కింద ఇచ్చాను. ఇది నా కులాన్ని ఉద్దేశించిన మాటే అనుకుంటున్నాను. ముందురోజే ఆయన నా కులం అడిగారు. విచారణ జరపండి.'

ఇందులో ఆమె అభిప్రాయం ఒక్క వాక్యమే. దాని కారణం వెంటనే ఉంది. మిగతాదంతా సాక్షులను అడిగి తేల్చుకోగలిగింది. ఎవరో చెప్పగా తెలిసిన సంగతి ఉంటే, ఎవరు చెప్పారో కూడా రాయాలి.

సాక్షుల పేర్లు తర్వాత కూడా పనికొస్తాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్) కింద, అవమానం నలుగురి కంట పడే చోట జరిగి ఉండాలి. బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హెచ్‌ఆర్‌కు పంపిన ఈమెయిల్ పోలీసు ఫిర్యాదు కాదు. ఆ చట్టం కింద కేసు కావాలంటే విడిగా ఫిర్యాదు చేయాల్సిందే. అప్పుడు, తేదీతో ఉన్న ఈ ఈమెయిల్ ప్రింటు చేతిలో ఉండాలి.