సమ్మర్ క్యాంప్ అడ్మిషన్ పోస్ట్ చూశారా? డబ్బులు కట్టే ముందు ఈ లైన్లు తప్పక చదవండి

ఎండాకాలం సెలవులు వస్తున్నాయంటే చాలు.. కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో సమ్మర్ క్యాంప్ పోస్టులు వరుస కడతాయి. స్కేటింగ్, డ్యాన్స్, డ్రాయింగ్, కరాటే.. కింద వయసు, ఫీజు, చివరి తేదీ. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ ఏ క్యాంప్ చవక, ఏది ఖరీదు అన్నది పైన పెద్ద అక్షరాల్లో వేసిన అంకె చూస్తే తెలియదు. మరి ఎలా చదవాలి?

ముందుగా ఫీజు సంగతి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక క్యాంప్ ఫీజు రూ.3,000. నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు గంట. అంటే 20 క్లాసులు. ఒక్కో క్లాసుకు రూ.150 పడుతుంది. పక్క వీధిలో ఇంకో క్యాంప్ రూ.2,000కే అంటోంది. అదీ నాలుగు వారాలే, కానీ వారానికి మూడు రోజులే. అంటే 12 క్లాసులు.. ఒక్కో క్లాసుకు దాదాపు రూ.167. వెయ్యి రూపాయలు తక్కువ కదా అని చేర్పిస్తే, నిజానికి క్లాసు లెక్కన ఎక్కువే కడుతున్నారన్నమాట. పోస్టులో 'నెల రోజులు' అని మాత్రమే ఉంటే వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు అని ఫోన్ చేసి అడగాల్సిందే.

పది రూపాయల క్యాంప్‌లోనూ ఖర్చు ఉంటుంది

హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ ఏటా వేసవి క్రీడా శిక్షణ శిబిరాలు పెడుతుంది. 2023లో ఏప్రిల్ 25 నుంచి మే 31 వరకు, అంటే 37 రోజుల పాటు ఇవి జరిగాయి. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు 44 క్రీడల్లో శిక్షణ ఇచ్చారు. చాలా ఆటలకు రిజిస్ట్రేషన్ ఫీజు రూ.10 మాత్రమే. క్రికెట్, టెన్నిస్, షటిల్, రోలర్ స్కేటింగ్‌కు రూ.50.

మరి రూ.50 కడితే స్కేటింగ్ అయిపోతుందా? స్కేటింగ్ నేర్చుకోవాలంటే స్కేట్లు, హెల్మెట్, మోకాలికి, మోచేతికి ప్యాడ్లు ఉండాలి. ఇవి ఇస్తారా, కొనుక్కోవాలా అన్నది ముందే కనుక్కోవాలి. కొనాల్సి వస్తే ఫీజు కంటే వీటికే ఎన్నో రెట్లు ఎక్కువ అవుతుంది. అదే కబడ్డీ, ఖోఖో అయితే కొనాల్సిన సామాన్లు దాదాపు ఉండవు. ప్రైవేటు క్యాంపుల్లో డ్రెస్, డ్రాయింగ్ సామాన్లు, చివరి రోజు ప్రోగ్రామ్ కాస్ట్యూమ్ పేరుతో విడిగా అడగడం మామూలే. 'ఈ ఫీజు కాకుండా ఇంకేమైనా కట్టాలా?' అని చేరేముందే అడిగితే మంచిది.

వయసు.. ఎప్పటికి నిండాలి?

'6 నుంచి 16 ఏళ్లు' అని ఉంటే, ఆరేళ్లు ఏ తేదీకి నిండాలన్నది చూడాలి. జూన్‌లో పుట్టినరోజు ఉన్న పాపకు ఏప్రిల్‌లో ఇంకా ఐదేళ్లే. కొన్నిచోట్ల బర్త్ సర్టిఫికెట్ లేదా ఆధార్ అడిగి వెనక్కి పంపేస్తారు. ఇంకో విషయం.. ఆరేళ్ల బాబుని, పదిహేనేళ్ల అబ్బాయిని ఒకే బ్యాచ్‌లో వేస్తే చిన్నోడికి బంతి అందేదే తక్కువ. వయసు వారీగా బ్యాచ్‌లు ఉన్నాయా, ఒక్కో కోచ్ దగ్గర ఎంతమంది పిల్లలు అన్నది అడగండి. స్విమ్మింగ్ అయితే ఈ ప్రశ్న అసలు వదలొద్దు. నీళ్లలో ఒకరు ఇబ్బంది పడుతున్నారని గమనించాలంటే, కోచ్ కన్ను అందరి మీదా ఉండగలిగేంత చిన్న బ్యాచ్ కావాలి.

చివరి తేదీ దాకా ఆగొచ్చా?

చివరి తేదీ ఉంది కదా అని ఆగితే సీటు ఉంటుందన్న గ్యారంటీ లేదు. 'సీట్లు పరిమితం' అని ఉంటే బ్యాచ్ నిండగానే అడ్మిషన్లు ఆపేస్తారు. అందరూ ముందు అడిగేది పొద్దున బ్యాచే. కారణం ఎండ. మేలో పది దాటాక గ్రౌండ్‌లో పిల్లల్ని ఆడించడం ప్రమాదం. ఆలస్యంగా వెళ్తే మిగిలేది ఆ టైమే కావొచ్చు. అవుట్‌డోర్ ఆటకు అలాంటి టైమ్ ఇస్తే సీటు దొరికినా వద్దనుకోవడమే మేలు.

అలాగని తొందరపడి మొత్తం కట్టేయొద్దు. మే రెండో వారంలో అమ్మమ్మ ఊరికి పది రోజులు వెళ్లే ప్లాన్ ఉందనుకోండి. పైన చెప్పిన రూ.3,000 క్యాంప్‌లో ఆ పది రోజుల్లో ఆరు నుంచి ఎనిమిది క్లాసులు పోతాయి. అంటే రూ.900 నుంచి రూ.1,200 దాకా నష్టం. మిస్ అయిన క్లాసులు తర్వాత చెబుతారా, మధ్యలో మానేస్తే డబ్బులు తిరిగిస్తారా అన్నది వాట్సాప్‌లో రాయించుకుని, రసీదు తీసుకున్నాకే ఫీజు కట్టండి. నోటి మాటగా చెప్పింది ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు.