పాదం నేల మీద నిలవాలి

గేమ్‌లో ఒక పాత్ర నడుస్తుంటే ఆడేవాళ్ల చూపు ముఖం మీదో, చేతిలోని కత్తి మీదో ఉంటుంది. యానిమేషన్ పని తెలిసినవాళ్లు మాత్రం ముందు పాదాలు చూస్తారు. మనిషి నడిచేటప్పుడు నేలకు ఆనిన పాదం, ఒళ్లంతా దాని మీదుగా ముందుకు దాటేవరకు ఉన్నచోటే ఉంటుంది. గేమ్‌లో ఆ పాదం రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలు, కారణం చెప్పలేకపోయినా ఎవరికైనా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. నిజమైన మనిషి నడకనే రికార్డు చేసి వాడుకున్నప్పుడు కూడా ఇలా ఎందుకు జరుగుతుంది? ఆ రికార్డింగు గేమ్‌లోకి చేరేలోపు దానికి చేసే మరమ్మతుల్లో ఒక్కొక్కటీ పాదాన్ని కొంత కదిలిస్తుంది కాబట్టి.

మోషన్ క్యాప్చర్ అంటే నటుడి ఒంటి మీద కాంతిని తిప్పికొట్టే చిన్న గుండ్లు అంటించి, చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో వాటి స్థానాన్ని క్షణక్షణం పట్టుకోవడం. ఆ గుండ్లను మార్కర్లు అంటారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఇలాంటి రికార్డింగుల భాండారాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. 12 కెమెరాలు, 41 మార్కర్లు, సెకనుకు 120 ఫ్రేములు వాడి తీసినవి అవి. అందులో 07_01 అనే ఫైలు ఒక మామూలు నడక. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మొదలు లేదు. నడకలో దాచుకోవడానికి ఏమీ ఉండదు, తప్పు ఎక్కడున్నా కనిపిస్తుంది.

ముడి రికార్డింగు తెరిచి నెమ్మదిగా నడిపిస్తే మొదట కనిపించేది వణుకు. స్టూడియోల్లో దీన్ని జిట్టర్ అంటారు. చెయ్యి ఊగి తొడ పక్కకు వచ్చినప్పుడు అక్కడి మార్కర్ కొన్ని కెమెరాలకు మరుగవుతుంది. మిగిలిన కెమెరాలు లెక్కకట్టిన స్థానం ముందటి ఫ్రేముతో పోలిస్తే కొన్ని మిల్లీమీటర్లు తేడాగా వస్తుంది. చర్మం, బట్ట ఎముక మీద కదలడం వల్ల ఇంకొంత తేడా కలుస్తుంది. ఇలాంటి చిన్న తేడాలే మోచేతి కోణంగా, మణికట్టు కోణంగా మారి తెర మీద వణుకుగా కనిపిస్తాయి.

వణుకంతా ఒక రకం కాదు. ఒకటి రెండు ఫ్రేముల్లో కీలు అమాంతం ఎక్కడికో ఎగిరి తిరిగి వచ్చేస్తే అది స్పైక్. రెండు మార్కర్లను సాఫ్ట్‌వేర్ ఒకదానికొకటిగా పొరబడితే ఇది వస్తుంది. స్పైకులను ముందు విడిగా తీసెయ్యాలి. అవి ఉండగానే కర్వ్‌ను నునుపు చేస్తే ఆ ఒక్క ఫ్రేము తప్పు చుట్టుపక్కల పది ఫ్రేములకు పాకుతుంది. అలాగే ఒక కీలు 179 డిగ్రీల నుంచి మైనస్ 179 డిగ్రీలకు దూకినట్టు అంకెల్లో కనిపించవచ్చు. నిజానికి కదిలింది రెండు డిగ్రీలే. బ్లెండర్‌లో దీనికి ఆయిలర్ ఫిల్టర్ ఉంది. నునుపు చేసే పనికి ముందే దాన్ని నడపాలి.

ఆ తర్వాత మిగిలేది సన్నటి వణుకు. దీనికి ఎక్కువమంది వాడేది బటర్‌వర్త్ ఫిల్టర్. ఒక హద్దు కంటే వేగంగా జరిగే ఊగిసలాటను తగ్గించి, నెమ్మదైన కదలికను ఉన్నదున్నట్టు వదిలేయడం దాని పని. ఆ హద్దు ఎంత ఉండాలన్న ప్రశ్నకు కెనడాలో నడక మీద పరిశోధన చేసిన డేవిడ్ వింటర్, ఆయన సహచరులు 1974లో జవాబు చెప్పారు. మామూలు నడకలో అసలైన కదలిక దాదాపు అంతా 6 హెర్ట్జ్ లోపే ఉంటుందని, అంటే సెకనుకు ఆరు ఊగిసలాటల కంటే వేగంగా జరిగేది చాలావరకు కొలతలోని రొద అని వాళ్లు చూపించారు. ఈ ఫిల్టర్‌ను ఒక దిశలోనే నడిపితే కదలిక అంతా కాస్త ఆలస్యమవుతుంది. అందుకని ఒకసారి ముందు నుంచి వెనక్కి, మరోసారి వెనక నుంచి ముందుకి నడుపుతారు.

అయితే 6 అనే అంకెను ఒళ్లంతటికీ ఒకేలా వాడడం మంచిది కాదు. మడమ నేలను తాకే క్షణం చాలా చురుకైనది. కాలి కీళ్ల మీద ఫిల్టర్ గట్టిగా పడితే ఆ తాకిడి మెత్తబడిపోతుంది. పాదం నేలను తాకకముందే వేగం తగ్గించుకుని, తాకాక నేలలోకి కాస్త దిగబడి, మళ్లీ పైకి తేలుతుంది. బరువున్న మనిషి నడుస్తున్నట్టు అనిపించదు. వెన్నుకు, చేతులకు 6 పెట్టి, కాళ్లకు 10 లేదా 12 వరకు వదలడం నా అలవాటు. గుద్దులు, దూకుళ్లు ఉన్న రికార్డింగులకు చేతుల హద్దు కూడా పెంచాలి. ఫిల్టర్‌కు ముందటి నడకను, తర్వాతి నడకను పక్కపక్కన పెట్టి మడమ తాకే ఫ్రేము దగ్గర ఆపి చూస్తే, ఎక్కువైందో లేదో తెలిసిపోతుంది.

ఇక పాదం జారడం. ఇందులో కొంత ఫిల్టర్ వల్ల వస్తుంది గానీ, పెద్ద వాటా నటుడి కదలికను వేరే కొలతలున్న పాత్రకు అతికించినప్పుడు వస్తుంది. ఒక లెక్క చూద్దాం. నటుడి కాలు 90 సెంటీమీటర్లు, గేమ్‌లోని పాత్ర కాలు 100 సెంటీమీటర్లు అనుకుందాం. సెకనుకు 1.3 మీటర్ల నడకలో ఒక పాదం దాదాపు 0.65 సెకన్లు నేల మీద ఉంటుంది. ఆ లోపు నటుడి తుంటి సుమారు 85 సెంటీమీటర్లు ముందుకు పోతుంది, పాదం తుంటితో పోలిస్తే అంతే దూరం వెనక్కి ఊగుతుంది. రెండూ సరిపోతాయి కాబట్టి పాదం నేల మీద నిలుస్తుంది. అవే కోణాలను పొడుగు కాలికి ఇస్తే పాదం సుమారు 94 సెంటీమీటర్లు వెనక్కి ఊగుతుంది. తుంటి మాత్రం 85 దగ్గరే ఉంది. ఆ తేడా 9 సెంటీమీటర్లు. అడుగడుగునా పాదం అంత జారుతుంది.

చాలామంది ఇక్కడే తొందరపడి పాదాన్ని నేలకు బిగించేస్తారు. ముందు చేయాల్సింది తుంటి ప్రయాణాన్ని 100కి 90 నిష్పత్తిలో పెంచడం. ఆ ఒక్క గుణకారంతో తొమ్మిది సెంటీమీటర్ల జారుడు చాలావరకు పోయి, కొద్దిపాటి తేడా మిగులుతుంది. చేత్తో సరిచేయాల్సింది అదే.

మిగిలినదానికి ముందు పాదం ఎప్పుడు నేల మీద ఉందో తేల్చాలి. కాలివేళ్ల కీలు నేలకు మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, సెకనుకు 15 సెంటీమీటర్ల కంటే నెమ్మదిగా కదులుతుంటే నేలకు ఆనినట్టు లెక్క వేయవచ్చు. గాల్లో ఉన్న పాదం దీనికి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి నడకలో ఈ రెండింటినీ కలగాపులగం చేసుకునే ప్రమాదం తక్కువ. ఒకే హద్దు పెడితే మాత్రం దానికి అటూ ఇటూ ఊగే ఫ్రేముల్లో పాదం ఆనిందనీ లేదనీ మార్చి మార్చి తేలుతుంది. అందుకని ఆనినట్టు ఒప్పుకోవడానికి 15 పెడితే, లేచినట్టు ఒప్పుకోవడానికి 25 పెట్టాలి. మడమకు, వేళ్లకు విడివిడిగా ఈ లెక్క కట్టాలి. ముందు మడమ ఆనుతుంది, తర్వాత పాదమంతా, చివరికి మడమ లేచి వేళ్లు మిగులుతాయి. అరికాలంతా ఒకే ముక్కగా బిగిస్తే ఆ దొర్లడం పోయి నడక మొద్దుబారుతుంది.

ఆనిన ఫ్రేములన్నిటికీ ఒకే స్థానం ఇచ్చి, పాదం అక్కడ ఉండేలా తుంటి, మోకాలి కోణాలను ఐకే అనే లెక్కతో తిరిగి కడతారు. బిగించే ముందు, వదిలే తర్వాత కొన్ని ఫ్రేముల్లో సర్దుబాటు మెల్లగా మొదలై మెల్లగా ముగియాలి. ఇక్కడ ఒక చిక్కుంది. అడుగు చివర్లో కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. పాదాన్ని ఒక సెంటీమీటరు దూరం జరిపినా కాలు అందక, మోకాలు ఒక్క ఫ్రేములో టక్కున బిగుసుకుంటుంది. 2002లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన కోవర్, ష్రైనర్, గ్లైకర్ ఈ చిక్కుకు ఒక మార్గం చూపారు. ఆ కొద్ది ఫ్రేముల్లో కాలి ఎముకను కంటికి ఆననంత పొడిగించడమే అది. ఎముకల పొడవు మారకూడదని గేమ్ పట్టుబడితే, తుంటిని ఆ చోట అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో మెల్లగా కిందికి దించడం మేలు.

చివరిది కీలు తగ్గించడం. ఇక్కడ కీ అంటే శరీరంలోని కీలు కాదు, ఫలానా ఫ్రేములో ఫలానా కోణం అని రాసిపెట్టిన కీఫ్రేమ్. 60 కీళ్లున్న అస్థిపంజరానికి ఒక్కోదానికి మూడు కోణాలు, తుంటికి మరో మూడు స్థానపు అంకెలు కలిపితే 183 వరసలు. సెకనుకు 120 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషానికి 13 లక్షలకు పైగా అంకెలు, సుమారు 5 మెగాబైట్లు. వందలకొద్దీ కదలికలుండే గేమ్ ఇంత భారం మోయదు. సెకనుకు 30కి దించితే నాలుగో వంతు మిగులుతుంది. అక్కడి నుంచి అవసరం లేని కీఫ్రేములను ఏరేస్తారు. ముగ్గు వేసేవాళ్లకు గీత అంతటా చుక్కలు అక్కర్లేదు, మలుపు తిరిగే చోట ఉంటే చాలు. 1972లో రామర్, 1973లో డగ్లస్, ప్యూకర్ ప్రచురించిన గీత కుదింపు పద్ధతి చేసేదీ ఇదే. మిగిల్చిన బిందువులను కలిపే గీత అసలు గీత నుంచి అనుమతించిన దూరం దాటనంతవరకు మధ్య బిందువులను వదిలేస్తుంది.

ఆ అనుమతి ఎంత ఉండాలన్న దగ్గరే పాదం మళ్లీ జారుతుంది. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో కోణానికి అనుమతించే తప్పు మొదట 0.5 డిగ్రీగా ఉంటుంది. మణికట్టు దగ్గర అర డిగ్రీని ఎవరూ గమనించరు. తుంటి కీలు దగ్గర అదే అర డిగ్రీ, 90 సెంటీమీటర్ల కాలి కొసకు వచ్చేసరికి సుమారు 8 మిల్లీమీటర్లు అవుతుంది. మోకాలి తప్పు, చీలమండ తప్పు దానికి కలవవచ్చు. ఇంత కష్టపడి బిగించిన పాదం మళ్లీ ఈదులాడుతుంది. అందుకే తప్పును ఒక్కో కీలు దగ్గర కాకుండా ఒంటి కొసల్లో, అంటే తెర మీద కనిపించే చోట కొలవాలన్నది నా గట్టి అభిప్రాయం. అన్‌రియల్ ఇంజన్‌లో వాడే ఏసీఎల్ అనే కుదింపు లైబ్రరీ ఈ దారిలోనే పోతుంది. ఎముక చుట్టూ ఊహా బిందువులు పెట్టి, అవి ఎంత జరిగాయో చూసి తప్పును లెక్కిస్తుంది. అలాంటి సాధనం లేకపోతే తుంటికి, తొడకు, మోకాలికి 0.1 డిగ్రీ, వెన్నుకు 0.3, మోచేయి కిందికి 0.5 అని విడివిడిగా పెట్టండి. పాదం ఆనిన మొదటి ఫ్రేము, లేచిన చివరి ఫ్రేము దగ్గరున్న కీఫ్రేములను ఎట్టి పరిస్థితుల్లోనూ తీయనివ్వకండి.

ఇంతా చేశాక కూడా గేమ్‌లో పాదం జారితే, తప్పు ఫైల్లో ఉండకపోవచ్చు. నడక సెకనుకు 1.3 మీటర్లది, గేమ్ పాత్రను 1.6 మీటర్ల వేగంతో తోస్తోంది అనుకోండి. పాదం నేల మీదున్న 0.65 సెకన్లలో దాదాపు 20 సెంటీమీటర్లు జారుతుంది. ఎంత శుభ్రం చేసినా ఆ జారుడు పోదు. నడకను ఆడించే వేగాన్ని గేమ్ వేగంతో కలపాలి, లేదా పాత్రను నడకలోని తుంటి ప్రయాణమే ముందుకు తీసుకెళ్లేలా చేయాలి.

ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఖర్చు లేదు. కార్నెగీ మెలన్ ఫైళ్లూ, బ్లెండరూ రెండూ ఉచితమే. 07_01 తీసుకుని స్పైకులు, వణుకు, పాదం, కీఫ్రేములు, ఈ వరసలోనే చేయండి. పాదం బిగించాక మళ్లీ నునుపు చేస్తే బిగింపు సడలిపోతుంది కాబట్టి వరస మార్చవద్దు. ఒక్కో దశ ముగిశాక వేరే పేరుతో దాచుకోండి, ముడి ఫైలు మీద మాత్రం ఎప్పుడూ సేవ్ చేయకండి.